మొదటి సెషన్‌కు ముందు రాసే ఆ ఒక్క పేజీ

ప్రశ్న: అమ్మ చనిపోయి ఏడు నెలలైంది. మాది కావలి. వచ్చే శనివారం నెల్లూరులో ఒక గ్రీఫ్ కౌన్సెలర్ దగ్గర మొదటి సెషన్ ఉంది. "వచ్చేలోపు మీ నష్టం గురించి ఒక పేజీ రాసి పంపండమ్మా" అన్నారావిడ. ఒకసారి కూర్చుంటే పదకొండు పేజీలైంది. చించేసి మళ్లీ మొదలుపెడితే నాలుగు వాక్యాల దగ్గర ఆగిపోయాను. అమ్మ చివరి రోజుల్లో ఆసుపత్రిలో జరిగిన ఒక సంగతి ఇంట్లో నాన్నకూ అక్కకూ, ఎవరికీ చెప్పలేదు. అది రాయాలా? అసలు ఆ పేజీలో ఏముండాలి?

సమాధానం:

అమ్మా, ఆ పదకొండు పేజీలు పంపనక్కరలేదు, ఆ నాలుగు వాక్యాలతో సరిపెట్టనూ అక్కరలేదు. నేను ఒంగోలులో పదిహేడేళ్లుగా, ఆత్మీయులను పోగొట్టుకుని వచ్చేవారితో కూర్చుని మాట్లాడే పని చేస్తున్నాను. ఇలాంటి పేజీని నేనూ అడుగుతాను కనుక, దాన్ని అందుకునే మనిషి ఏం చేస్తుందో ముందు చెబుతాను. మీరు రావడానికి ముందురోజు సాయంత్రమో, ఆ ఉదయమో, పది నిమిషాలు తీరిక చేసుకుని చదువుతుంది. మొదటి సెషన్ సాధారణంగా యాభై నిమిషాలు ఉంటుంది. ఆ యాభై నిమిషాల్లో ఎక్కడ మెల్లగా నడవాలో, ఏ గుమ్మం ముందు ఆగి మీ అనుమతి అడగాలో తెలుసుకోవడానికే ఆ పేజీ. మీ అమ్మగారి జీవిత కథను ఆమె ఆ పేజీలో వెతకదు, దానికి తర్వాత ఎన్నో వారాల సమయం ఉంటుంది.

నేను అలాంటి లేఖను చివరి వాక్యం నుంచి చదువుతాను. ఈ అలవాటు నాకు ఒక పొరపాటు వల్ల వచ్చింది.

నేను ఈ పనిలోకి వచ్చిన తొలి ఏళ్లలో, సముద్రం వైపున్న ఒక ఊరి నుంచి రొయ్యల సాగు చేసే ఒక యువకుడు వచ్చాడు. అతని అనుమతితోనే, ఊరూ వయసులూ తేదీలూ మార్చి చెబుతున్నాను. తమ్ముడు గుంట దగ్గర కరెంటు షాక్ కొట్టి చనిపోయాడు. మూడు పేజీల లేఖ పంపాడు. మొదటి పేజీ అంతా తమ్ముడు ఎంత మంచివాడో, పదో తరగతిలో ఎన్ని మార్కులు వచ్చాయో, ఊళ్లో అందరూ ఎంతగా ఏడ్చారో. రెండో పేజీలో కరెంటు వైర్ల సంగతి, పంచనామా, నెల్లూరు ఆసుపత్రిలో పోస్టుమార్టం, పెద్దకర్మ నాటికి బంధువుల మధ్య వచ్చిన మాటపట్టింపులు. మూడో పేజీ సగానికి ముగిసింది. నేను మొదటి పేజీ శ్రద్ధగా చదివి, మిగిలినవి పైపైన చూసి, అన్నదమ్ముల ప్రేమ కథగా దాన్ని అర్థం చేసుకున్నాను. రెండు సెషన్లు తమ్ముడి గురించే మాట్లాడుకున్నాము. మూడో సెషన్ ముగిసి, అతను కుర్చీలోంచి లేచి చెప్పులు వేసుకుంటూ, వెనక్కి తిరక్కుండా, "ఆ రాత్రి వంతు నాది కదండీ" అన్నాడు. తర్వాతి మనిషి బయట వరండాలో కూర్చుని ఉన్నారు. ఇద్దరం అలాగే నిలబడిపోయాము.

ఆ రాత్రి ఇంటికెళ్లి లేఖ తీసి చూస్తే, మూడో పేజీ చివరన, సంతకానికి పైన, చిన్న అక్షరాలతో ఆ మాట ఉంది: "ఆ రాత్రి గుంట కాడ ఉండాల్సింది నేను." అతను చెప్పాడు, నేనే చదవలేదు.

మా పనిలో దీన్ని నేను గడప మాట అంటాను. మనిషి మనసులో అన్నిటికంటే బరువైన మాట, వెళ్లిపోతూ గడప దాటే క్షణంలో బయటపడుతుంది. అక్కడైతే ఎదుటివాళ్లు ఎక్కువ అడగలేరనే ధైర్యం ఉంటుంది. లేఖలోనూ అదే జరుగుతుంది, ఆ మాట చివరి వాక్యంలోనో, సంతకం కింద "మరొక విషయం" అన్నచోటనో దాక్కుంటుంది. అందువల్ల మీకు నేను చెప్పే ముఖ్యమైన పని ఒకటే. మీకు వచ్చినంతసేపు రాసుకోండి, పదకొండు పేజీలైనా ఫరవాలేదు, అవి మీవి. తర్వాత చివరి నాలుగైదు వాక్యాలు చూసి, వాటిలో చేయి వణికిన వాక్యాన్ని కొత్త కాగితం మీద మూడో వరుసకు తీసుకురండి. మిగిలిన పేజీ దాని వెంట తనంతట తానే కుదురుకుంటుంది. చించేశారు కనుక ఆ పేజీలు ఇప్పుడు లేకపోవచ్చు, అయినా ఆ చివరి వాక్యం ఏదో మీకు గుర్తుండే ఉంటుంది.

ఆ యువకుడు కొన్ని నెలల తర్వాత, నేను అడిగితే, "ఇప్పుడైతే ఇలా రాసేవాణ్ణి" అని ఆ లేఖను మళ్లీ రాసిచ్చాడు. అది ఇదీ:

"నా తమ్ముడు సెప్టెంబరు 14 తెల్లవారుజామున మా రొయ్యల గుంట దగ్గర కరెంటు షాక్ కొట్టి చనిపోయాడు. వాడికి 26 ఏళ్లు, నాకు 31. ఆ రాత్రి గుంట దగ్గర ఉండాల్సిన వంతు నాది, నేను పోకుండా వాణ్ణి పంపాను. ఎందుకు పంపానో మా ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. దాని గురించి మొదటి రోజే అడగవద్దు, కానీ అది ఉందని మీకు తెలియాలి.

"నాలుగున్నరకు ఫోన్ నాకే వచ్చింది. నేను పోయేసరికి కరెంటు ఆపి ఒడ్డున పడుకోబెట్టి ఉన్నారు. వాడి కుడిచేయి కళ్లముందుకు వస్తా ఉంటుంది. అంతకంటే రాయలేను.

"పన్నెండుకు పడుకుంటే మూడున్నరకు మెలకువ వస్తుంది, ఇక నిద్ర పట్టదు. గుంటల వైపు పోవడం లేదు, ఈ పంటకు కౌలుకిచ్చాము. అమ్మ ఎదురుగా కూర్చుని అన్నం తినలేను. ముందు మందు అలవాటు లేదు, ఇప్పుడు వారానికి మూడు రోజులు తాగుతున్నాను. వాడి ఫోన్‌కు రోజూ చార్జింగ్ పెడతాను. చచ్చిపోవాలని లేదు, పొద్దున లేవాలని కూడా లేదు. మేత బాకీలు, కరెంటు బిల్లు వాడు చూసేవాడు, ఇప్పుడు నేను చూస్తున్నాను, లెక్కల పుస్తకంలో వాడి రాత కనబడితే చేయి ఆగిపోతుంది.

"మా ఆవిడ బలవంతం మీద వస్తున్నాను. మూడున్నరకు మెలకువ రాకపోతే చాలు."

నూట ముప్పై మాటలు కూడా లేని ఈ కాగితంలో, మొదటి మూడు పేజీల్లో లేనిది ఎంతో ఉంది. ఉదాహరణకు ఆ మూడున్నర సంగతి చూడండి. రొయ్యల గుంటలో నీటిలోని ఆక్సిజన్ తెల్లవారేముందు అన్నిటికంటే తక్కువకు పడిపోతుంది. పగలు ఎండలో నీటిలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రంతా రొయ్యలూ నాచూ కలిసి దాన్ని వాడేసుకుంటాయి. కనుక కాపలా ఉన్నవాళ్లు ఆ వేళకు లేచి, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూడాలి. అతను నిద్రలేమి అని రాసి ఉంటే నేను నిద్రలేమి గురించే మాట్లాడేదాన్ని. "మూడున్నర" అని రాసినందువల్ల, అతని ఒళ్లు ప్రతి రాత్రీ తన వంతుకు లేస్తున్నదని అర్థమైంది. ఆ రోజు వెళ్లని కాపలాకు ఏడాదిగా వెళుతూనే ఉన్నాడు. అందుకే చెబుతున్నాను, మీ ఇప్పటి స్థితిని చెప్పేటప్పుడు డిప్రెషన్, యాంగ్జైటీ వంటి పేర్లు కాకుండా గంటలు రాయండి, గదులు రాయండి, వస్తువులు రాయండి. ఎన్నింటికి మెలకువ వస్తుంది, ఇంట్లో ఏ గదిలోకి వెళ్లడం లేదు, అమ్మ చీరల్లో ఏది బీరువాలోంచి తీయనివ్వడం లేదు, ఏ పండక్కి ఎవరింటికి వెళ్లకుండా తప్పించుకున్నారు, ఏ కూర వండడం మానేశారు. పేరు పెట్టే పని కౌన్సెలర్‌ది, అదీ మొదటి రోజే చేయవలసిన పని కాదు.

ఇక మీరు ఎవరికీ చెప్పని ఆ సంగతి. రాయాలా అంటే, ఉన్నదని రాయండి, ఏమిటో రాయనక్కరలేదు. ఈ రెంటికీ మధ్య చాలా దూరం ఉంది, చాలామంది ఆ దూరాన్ని గమనించక రెండు చివర్లలో ఏదో ఒకదానికి వెళ్లిపోతారు. ఒకరు పూర్తిగా దాచేస్తారు, అప్పుడు కౌన్సెలర్ తెలియక దాని మీదే అడుగుపెడుతుంది. "చివర్లో అమ్మ దగ్గర మీరే ఉన్నారు కదా, ఎంత అదృష్టం" అని ఓదార్పుగా అన్న మాట ఒక మనిషిని ఆరు నెలలు మళ్లీ రాకుండా చేసిన సందర్భం నాకు తెలుసు. ఇంకొకరు అర్ధరాత్రి ఆవేశంలో అంతా రాసి పంపేస్తారు, తెల్లారేసరికి సిగ్గు ముంచుకొచ్చి సెషన్‌కే రారు. ముఖం ఎరుగని మనిషి చేతిలో మన రహస్యం ఉన్నదన్న భయం చిన్నది కాదు. కనుక ఇలా రాయవచ్చు: "అమ్మ ఆసుపత్రిలో ఉన్న చివరి వారంలో నేను చేసిన పని ఒకటి ఉంది. నాన్నకూ అక్కకూ తెలియదు. ఇప్పుడు చెప్పే స్థితిలో లేను. చివరి వారం గురించి నేను ఎత్తేదాకా మీరు అడగవద్దు." ఇలా రాస్తే ఆమెకు దారి తెలుస్తుంది, తాళం మీ దగ్గరే ఉంటుంది. ఒకవేళ అది సంతకానికి సంబంధించినదో, డబ్బుకు సంబంధించినదో, అమ్మతో ఆఖరిసారి అన్న మాటకు సంబంధించినదో చెప్పగలిగితే ఆ ఒక్క మాట చేర్చండి. అదీ కష్టమైతే వద్దు.

కళ్లముందుకు వచ్చే దృశ్యం విషయంలోనూ ఇదే పద్ధతి. ఆ యువకుడు "కుడిచేయి" అని రాసి ఆగాడు, ఆ ఒక్క మాట నాకు చాలు. ఆసుపత్రి వాసన అనో, మానిటర్ శబ్దం అనో, అంబులెన్సులో నెల్లూరు నుంచి కావలి దాకా వచ్చిన ఆ గంట అనో, దృశ్యానికి ఒక పేరు మాత్రం పెట్టండి. దాన్ని ఒంటరిగా కూర్చుని వివరంగా రాయడం మొదలుపెడితే, ఆపేవాళ్లు ఎవరూ పక్కన ఉండరు. అలాంటి రాత మనిషి తోడుండగా చేయవలసినది.

నష్టం గురించి అడిగితే మనవాళ్లు పోయిన మనిషి గురించి మాత్రమే రాస్తారు. పోవడం వల్ల తమ నెత్తిన పడిన పనుల గురించి రాయరు, అవి చిల్లరగా కనిపిస్తాయి. నెదర్లాండ్స్‌లో మార్గరెట్ స్ట్రూబే, హెంక్ షుట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో ప్రతిపాదించిన ఒక ఆలోచన మా పనిలో చాలా వాడుకలో ఉంది. శోకంలో ఉన్న మనిషి రెండు వైపులకు ఊగుతూ ఉంటాడని వాళ్లు చెప్పారు. ఒకవైపు పోయిన మనిషి కోసం బెంగ, రెండోవైపు ఆ మనిషి లేని బతుకును నడపడానికి నేర్చుకోవలసిన కొత్త పనులు, కొత్త పాత్రలు. ఈ ఊగులాట సహజమైనదే, ఏదో ఒకవైపే ఉండిపోతేనే ఇబ్బంది. ఆ యువకుడి లేఖలో మేత బాకీలు, కరెంటు బిల్లు రెండోవైపుకు చెందినవి, తమ్ముడి దస్తూరీ చూసి చేయి ఆగిపోవడం రెండువైపులూ ఢీకొన్న చోటు. మీ ఇంట్లో అమ్మ చేసే పనుల్లో ఇప్పుడు మీ మీద పడినవి ఏవో రెండు రాయండి. నాన్నగారి మందుల డబ్బానా, బంధువుల పెళ్లిళ్లకు చదివింపుల లెక్కా, అక్కకూ నాన్నకూ మధ్య సర్దుబాటు చేసే పనా? ఈ చివరిది చాలా ఇళ్లలో అమ్మతోపాటే పోతుంది. అది ఎవరో ఒకరి మీద పడుతుంది, పడినవాళ్లకు దానికి పేరు కూడా ఉండదు.

తేదీ తప్పకుండా రాయండి, తిథి కూడా రాయండి. తేదీ ఎందుకంటే, చాలాకాలం తగ్గకుండా, రోజువారీ బతుకును అడ్డుకునే తీవ్రమైన శోకాన్ని ఒక ప్రత్యేక రుగ్మతగా గుర్తించే ప్రమాణాలు ఇప్పుడు ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణ ఐసీడీ-11 ప్రకారం అందుకు కనీసం 6 నెలలు గడిచి ఉండాలి, అమెరికా మానసిక వైద్యుల సంఘం 2022లో సవరించిన ప్రమాణం ప్రకారం పెద్దవారికి కనీసం 12 నెలలు. మీది ఏడు నెలలు కనుక, ఒక లెక్కన ఆ గడువు దాటింది, ఇంకో లెక్కన దాటలేదు. దీన్నిబట్టే మీకు అది ఉన్నదని ఎవరూ అనరు, గడువు దాటడం ఒక షరతు మాత్రమే. కానీ "చాలా రోజులైంది" అని రాస్తే ఆమెకు ఏమీ తెలియదు. తిథి ఎందుకంటే, మన ఇళ్లలో సంవత్సరికం తిథిని బట్టి చేస్తారు, అది ఇంగ్లీషు తేదీకి దాదాపు పదకొండు రోజులు ముందుగానైనా వస్తుంది, మధ్యలో అధికమాసం పడితే పద్దెనిమిది, పంతొమ్మిది రోజులు వెనకగానైనా వస్తుంది. అంటే మీకు కష్టమైన రోజులు రెండు ఉంటాయి, ఒకటి ఇంట్లో అందరూ గుర్తుపెట్టుకునేది, రెండోది మీ ఒక్కరికే గుర్తుండేది. కౌన్సెలర్ ఆ రెంటినీ ముందే తన డైరీలో రాసుకుంటే, ఆ వారానికి సెషన్ ఎప్పుడు పెట్టాలో ఆలోచిస్తుంది. కర్మకాండలో మీరు చేయాలనుకుని చేయలేకపోయినది ఏదైనా ఉంటే, ఆడపిల్లవని శ్మశానానికి రానివ్వకపోయి ఉంటే, అది కూడా తేదీ పక్కనే ఒక వాక్యంగా రాయండి. మా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో ఈ మాట ఎంతమంది నోట విన్నానో.

భాష గురించి ఒక మాట. లేఖ అనగానే మన చేయి దరఖాస్తు భాషలోకి పోతుంది. "మా మాతృమూర్తి స్వర్గస్థులైనారు" అని రాసిన ఒక లేఖ చదివి, ఆ మనిషి అమ్మను ఏమని పిలిచేదో తెలుసుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. మీరు అమ్మ అనేవారో, మాయమ్మ అనేవారో, పేరు పెట్టి ఆటపట్టించేవారో, అలాగే రాయండి. పోయింది, చనిపోయింది, కాలం చేసింది, ఇప్పుడు లేదు, వీటిలో మీ నోటికి వచ్చే మాటే వాడండి, ఎందుకంటే మీరు వాడిన మాటనే కౌన్సెలర్ కూడా సెషన్‌లో వాడుతుంది. ఒకచోట "అమ్మ పొద్దున్నే లేస్తుంది" అనీ, ఇంకోచోట "లేచేది" అనీ వస్తే దిద్దవద్దు. ఏ పనుల్లో అమ్మ మీకు ఇంకా ఉన్నదో, ఏ పనుల్లో లేదో ఆ క్రియాపదాలే చెబుతాయి.

ఆరోగ్యం సంగతి రెండు వరుసల్లో తేల్చేయవచ్చు. వాడుతున్న మందుల పేర్లు షీటు మీద చూసి ఉన్నదున్నట్టు ఎక్కించండి, నిద్రమాత్రలు ఎవరి సలహాతో వేసుకుంటున్నారో చెప్పండి, ఇంతకుముందు ఎప్పుడైనా ఇలాంటి దెబ్బ తగిలి ఉంటే దాని సంవత్సరం రాయండి.

ఒక్క విషయంలో మాత్రం సూటిగా ఉండాలి. చనిపోవాలన్న ఆలోచన గురించి ఒక వాక్యం రాయండి, లేకపోతే లేదని రాయండి. "అమ్మ దగ్గరికి పోతే బాగుండు" అనిపించడం శోకంలో ఉన్న చాలామందికి ఉంటుంది, అది చదివి ఏ కౌన్సెలరూ బెదిరిపోరు. ఎలా, ఎప్పుడు అని ఆలోచించడం మొదలైందంటే, అందుకు కావలసినవి చేతికి అందేలా ఉన్నాయంటే, అది వేరు. అప్పుడు దాన్ని లేఖలో రాసి శనివారం దాకా ఎదురుచూడకూడదు. నేను ముందే చెప్పినట్టు ఆ లేఖ శుక్రవారం సాయంత్రం దాకా ఎవరూ తెరవకపోవచ్చు. అలాంటి గంట వస్తే ఇంట్లో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని, 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు అది, రాత్రీపగలూ ఉంటుంది, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. లేదా నేరుగా దగ్గరలోని ఆసుపత్రికి వెళ్లండి.

రాయడానికి కూర్చునే వేళ కూడా చెప్పాలి, ఎందుకంటే పదకొండు పేజీలు ఒక్క ఊపున వచ్చాయంటే అది రాత్రి పూట జరిగి ఉంటుందని నా అనుమానం. అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వవేత్త 1986లో ప్రచురించిన ప్రయోగంలో కొందరి చేత మనసును కలచిన సంఘటనల గురించి రోజుకు పదిహేను నిమిషాల చొప్పున వరుసగా నాలుగు రోజులు రాయించారు. రాసిన వెంటనే వాళ్ల మనసు తేలికపడలేదు, మరింత బరువెక్కింది. మీకూ అలాగే అనిపిస్తే ఏదో తప్పు జరిగిందని అనుకోవద్దు, ఆ బరువు దిగడానికి మాత్రం వెలుతురు ఉండగానే రాయండి. మధ్యాహ్నం పనులయ్యాక పదిహేను నిమిషాలు, మరుసటి రోజు ఇంకో పదిహేను నిమిషాలు చాలు. సమయం కాగానే వాక్యం మధ్యలో ఉన్నా లేచి, ఎవరైనా ఉన్న చోటుకు, కనీసం వంటింట్లోకైనా వెళ్లండి. మూడో రోజు కొత్తగా ఏమీ రాయకుండా, ఉన్నదాన్ని ఒక పేజీకి ఎత్తిరాయండి. రాయడమే మీకు పడకపోతే ఆ నాలుగు వాక్యాలకు ఆ మూడో వరుస ఒక్కటి చేర్చి పంపండి, అదీ లేఖే.

పంపే దారి విషయంలో మాత్రం కొంచెం చాదస్తంగానే చెబుతాను. ఇంట్లో అందరూ చూసే ఫోన్ నుంచి వాట్సాప్‌లో ఫొటో తీసి పంపితే, ఆ ఫొటో గ్యాలరీలో మిగిలిపోతుంది, నాన్నగారో అక్కో చూసే అవకాశం ఉంది. ఎవరికీ చెప్పని సంగతి ఉన్నదన్నారు కనుక మీకు ఇది చిన్న విషయం కాదు. కాగితం మీద రాసి, కవరులో పెట్టి, శనివారం పది నిమిషాలు ముందుగా వెళ్లి ఆమె చేతికే ఇవ్వవచ్చు, ముందే పంపమన్నా ఈ మాట చెబితే సాధారణంగా ఒప్పుకుంటారు. ఫోన్‌లోనే పంపాలంటే పంపాక ఫొటోనూ మెసేజునూ తీసేయండి. ఆమెను ఒక ప్రశ్న అడగండి: "నా కాగితం ఎక్కడ ఉంచుతారు, ఇంకెవరు చూస్తారు, చివర్లో నాకు తిరిగి ఇస్తారా?" 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్‌లో చికిత్స వివరాల గోప్యత ఒక హక్కుగా ఉంది. ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడూ, వేరేవాళ్లకు హాని జరిగే ప్రమాదం ఉన్నప్పుడూ, న్యాయస్థానం ఆదేశించినప్పుడూ దానికి మినహాయింపులు ఉన్నాయి. మంచి కౌన్సెలర్ ఈ మినహాయింపులను మీరు అడగకముందే చెబుతుంది. అడిగితే చిరాకుపడితే, అదీ మీకు తెలియవలసిన సంగతే.

లేఖ చివరన ఏం కోరుకుంటున్నారో ఒక వాక్యం రాయండి, ఎంత చిన్నదైనా సరే. "బాధ పోవాలి" అంటే ఎవరికీ చేతకాదు. "మూడున్నరకు మెలకువ రాకపోతే చాలు" అన్న మాటతో మేము పని మొదలుపెట్టగలిగాము. మీది "నాన్న ముఖం చూసి మాట్లాడగలిగితే చాలు" అనో, "ఆసుపత్రి ఉన్న రోడ్డు మీదుగా బస్సులో పోగలిగితే చాలు" అనో ఉండవచ్చు.

ఆ కాగితానికి ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. శనివారం కూర్చున్నాక ఆమె ఎక్కడ మొదలుపెట్టినా, "నేను రాసిన మూడో వరుస చూశారా అండీ" అని మీరే అడగవచ్చు. చూడలేదంటే, నకలు తీసి ఆమె ముందు పెట్టి, చదివేదాకా ఊరికే కూర్చోండి. అందుకు పట్టే మూడు నాలుగు నిమిషాలు కూడా మీ యాభై నిమిషాల్లోవే.